చిన్నపిల్లలతో ఉగాండా ప్రయాణం: మలేరియా మాత్రలు వేయాలా, దోమతెర చాలా?

సుమ_ఇద్దరిఅమ్మ
ఇంకో 12 రోజుల్లో ఉగాండా వెళ్తున్నాం. అక్క వాళ్ళు కంపాలాలో ఉంటారు, ఎక్కువ రోజులు వాళ్ళింట్లోనే, మధ్యలో రెండు రాత్రులు మర్చిసన్ ఫాల్స్ పార్కులో. మొత్తం 14 రోజులు. పాపకి ఏడేళ్ళు, 22 కిలోలు. బాబుకి మూడేళ్ళు నిండాయి, 13 కిలోలు.

ఒక డాక్టరు గారు వారానికి ఒకసారి వేసే క్లోరోక్విన్ రాశారు. ఇంకొకరిని అడిగితే అది అక్కడ పనికిరాదు, అటోవాక్వోన్-ప్రోగ్వానిల్ రోజూ వేయాలన్నారు. మా బావగారేమో "మేం ఏళ్ళ తరబడి ఇక్కడే ఉన్నాం, ఎవరూ ఏ మాత్రా వేసుకోం, దోమతెర ఉంటే చాలు" అంటున్నారు. బాబుకి మందు పట్టడం అంటే ఇంట్లో యుద్ధం. అన్ని రోజులు రోజూ వేయాలంటే నాకు ఇప్పటి నుంచే టెన్షన్. ఎవరి మాట వినాలి?

రాజు_సఫారీ
రెండో డాక్టరు మాట. క్లోరోక్విన్ కాగితం పక్కన పెట్టేయండి.

వేణు.కె
మీ బావగారు చెప్పింది కూడా కొట్టిపారేయలేం. అక్కడి వాళ్ళకి ఒంట్లో కొంత తట్టుకునే శక్తి వస్తుంది కదా. రెండు వారాలకి పిల్లలకి అంత మందు పోయడం నాకైతే ఇష్టం ఉండదు. జ్వరం వస్తే వేయడానికి ఒక కోర్సు తీసుకెళ్ళండి, అప్పుడు చూసుకోవచ్చు.

పద్మ_ఫార్మసీ
వేణు గారూ, మీరు మొదట అన్నదాంట్లో సగం నిజం ఉంది, దాని మీద కట్టిన సలహా మాత్రం ప్రమాదం. తట్టుకునే శక్తి పుట్టి పెరిగి, మళ్ళీమళ్ళీ మలేరియా వచ్చి తట్టుకున్న వాళ్ళకి వస్తుంది. అదీ పూర్తిగా రాదు, ఆ ప్రాంతం వదిలి కొన్నాళ్ళు ఉంటే తగ్గిపోతుంది. ఆఫ్రికాలో మలేరియాతో పోయే వాళ్ళలో ఎక్కువ మంది ఐదేళ్ళలోపు పిల్లలే. అక్కడే పుట్టిన పిల్లల పరిస్థితే అది. సుమ గారి బాబుకి మూడేళ్ళు, ఒక్కసారి కూడా ఆ పరాన్నజీవిని చూడని ఒళ్ళు. బావగారి ఒంటితో వాడి ఒంటిని పోల్చకూడదు.

జ్వరం వచ్చాక చూద్దాం అనేది ఇంకా పెద్ద తప్పు. ఉగాండాలో ఎక్కువగా ఉండేది ఫాల్సిపారం అనే రకం మలేరియా. చిన్నపిల్లల్లో అది ఒక్క రోజులో మామూలు జ్వరం నుంచి ఫిట్స్, స్పృహ తప్పడం దాకా వెళ్ళగలదు. పార్కులో రాత్రి జ్వరం వస్తే, అది ఏం జ్వరమో తెలియకుండా ఏ మందు వేస్తారు?

సుమ గారూ, క్లోరోక్విన్ ఎందుకు వద్దంటే ఆ మందుని తట్టుకునే ఫాల్సిపారం ఆఫ్రికాలో ఎప్పుడో పాతుకుపోయింది. అది ఇంకా పనిచేసే చోట్లు ప్రపంచంలో కొన్నే. హైతీ, డొమినికన్ రిపబ్లిక్, పనామా కాలువకి పడమటి వైపు మధ్య అమెరికా. వాటిలో ఉగాండా లేదు.

వేణు.కె
అర్థమైంది. మరి వారానికి ఒకటి వేసే మెఫ్లోక్విన్ అని ఒకటి ఉంది కదా? మందంటే మొండికేసే పిల్లాడికి వారానికి ఒక్క యుద్ధమే చాలు కదా.

పద్మ_ఫార్మసీ
మంచి ప్రశ్న. మెఫ్లోక్విన్ ఉగాండాకి పనిచేస్తుంది, చిన్నపిల్లలకీ ఇస్తారు. కానీ మామూలుగా ప్రయాణానికి కనీసం రెండు వారాల ముందు మొదలుపెట్టాలి. ఒంట్లో సరిపడా చేరడానికి, పడకపోతే ఇంటి దగ్గర ఉండగానే తెలియడానికి ఆ గడువు. వీళ్ళకి 12 రోజులే ఉంది. తిరిగొచ్చాక నాలుగు వారాలు వేయాలి. పీడకలలు, ఆందోళన, నిద్ర పట్టకపోవడం వస్తాయి కొందరికి. డిప్రెషన్ గానీ ఫిట్స్ గానీ ఉన్నవాళ్ళకి, ఇంతకుముందు వచ్చి తగ్గినవాళ్ళకి ఇవ్వరు.

సుమ_ఇద్దరిఅమ్మ
మావారు కొన్నేళ్ళ క్రితం డిప్రెషన్‌కి మందులు వాడారు. ఇప్పుడు బాగున్నారు. ఇది డాక్టరుకి చెప్పాలని కూడా మాకు తోచలేదు, వాళ్ళూ అడగలేదు.

పద్మ_ఫార్మసీ
తప్పకుండా చెప్పండి. ఆయనకి మెఫ్లోక్విన్ వద్దు. ఇంట్లో నలుగురూ ఒకే మందు మీద ఉంటే గుర్తుపెట్టుకోవడం కూడా సులువు, అందుకే మీకు అటోవాక్వోన్-ప్రోగ్వానిలే సరిపోతుందని నాకనిపిస్తోంది. మీవారికి గానీ మీకు గానీ కిడ్నీ సమస్య ఉంటే, మీరు గర్భవతి అయ్యే అవకాశం ఉంటే, రక్తం పల్చబడే వార్ఫరిన్ ఎవరైనా వాడుతుంటే అది కూడా ముందే చెప్పాలి. చివరి మాట మీ డాక్టరుదే.

గోపి_ట్రావెల్
డాక్సీసైక్లిన్ ఎవరూ చెప్పలేదేంటి? నేను అదే వేసుకున్నా, ఏమీ కాలేదు. తిరిగొచ్చాక వారం వేసి ఆపేశా. ఎండకి చర్మం మాడిపోయింది అంతే.

పద్మ_ఫార్మసీ
గోపి గారూ, డాక్సీ ఎనిమిదేళ్ళలోపు పిల్లలకి ఇవ్వరు, కొన్ని దేశాల్లో పన్నెండు దాకా ఇవ్వరు. కాబట్టి సుమ గారి పిల్లలిద్దరికీ పనికిరాదు. తర్వాత మీరు చెప్పిన ఆ వారం లెక్క డాక్సీది కాదు. డాక్సీ తిరిగొచ్చాక నాలుగు వారాలు వేయాలి.

గోపి_ట్రావెల్
అదేంటి, మాత్రని బట్టి మారుతుందా? అందరూ వారం అనే అంటారు.

పద్మ_ఫార్మసీ
మారుతుంది, ఇదే చాలామంది కలిపేసే చోటు. దోమ కుట్టగానే పరాన్నజీవి ముందు లివర్‌లోకి పోయి దాక్కుంటుంది, అక్కడ పెరిగి సుమారు వారానికి రక్తంలోకి దిగుతుంది. డాక్సీ, మెఫ్లోక్విన్ ప్రధానంగా రక్తంలోకి దిగాకే చంపుతాయి. అందుకని చివరి రోజు కుట్టిన దోమ వదిలింది లివర్‌లోంచి బయటికొచ్చేదాకా మందు ఒంట్లో కాపలా ఉండాలి, నాలుగు వారాలు. అటోవాక్వోన్-ప్రోగ్వానిల్ ఫాల్సిపారంని లివర్‌లోనే దెబ్బ కొడుతుంది, కాబట్టి ఏడు రోజులు చాలు. మీకు ఏమీ కాకపోవడం మంచిదే, దాన్ని చూసి ఇంకొకరు వారంలో ఆపకూడదు.

లలిత_పి
ఇది చదువుతుంటే మా మరిది గుర్తొచ్చాడు. ఉద్యోగం పని మీద పశ్చిమ ఆఫ్రికా వెళ్ళొచ్చాడు, మెఫ్లోక్విన్ వాడుతున్నాడు, ఇంటికి వచ్చాక "ఇంక దోమలెక్కడివి" అని ఆపేశాడు. కొన్ని వారాల తర్వాత జ్వరం, వణుకు, వాంతులు. మొదట చూసినచోట ఫ్లూ అని పారాసిటమాల్ ఇచ్చి పంపారు. జ్వరం దిగేది, మళ్ళీ ఎక్కేది. ఎక్కడికి వెళ్ళొచ్చాడో ఎవరూ అడగలేదు, వాడూ చెప్పలేదు. మూడో రోజుకి కళ్ళు పచ్చబడ్డాయి, అప్పుడు రక్తపరీక్ష. ఐసీయూలో పెట్టారు. బతికాడు, కానీ ఇంట్లో అందరం ఎలా గడిపామో ఆ రోజులు.

కిరణ్మయి_నర్స్
లలిత గారు చెప్పిందాంట్లో ముఖ్యమైన ముక్క "ఎక్కడికి వెళ్ళొచ్చాడో చెప్పలేదు" అనేది. పిల్లల వార్డులో పనిచేస్తాను. పిల్లల్లో మలేరియా పుస్తకంలో ఉన్నట్టు వణుకుతోనే రావాలని లేదు. వాంతులు, విరేచనాలు, దగ్గు, తిండి మానేసి నీరసంగా పడుకోవడం, ఇలా కూడా వస్తుంది, చూసినవాళ్ళు కడుపు ఇన్ఫెక్షన్ అనుకుంటారు. సుమ గారూ, తిరిగొచ్చాక మూడు నెలల్లోపు పిల్లలకి ఏ జ్వరం వచ్చినా అదే రోజు తీసుకెళ్ళి, మొట్టమొదటి వాక్యమే "ఉగాండా వెళ్ళొచ్చాం, మలేరియా పరీక్ష చేయండి" అనండి. ఆ తర్వాత కూడా ఏడాది దాకా జ్వరం వస్తే ఆ మాట చెప్పండి, కొన్ని రకాల మలేరియా అంత ఆలస్యంగా కూడా బయటపడుతుంది.

ఒక్కసారి నెగెటివ్ వస్తే ఊరుకోకూడదు. మొదట్లో రక్తంలో పరాన్నజీవులు తక్కువ ఉంటే స్లైడ్ మీద దొరకవు. పన్నెండు నుంచి ఇరవై నాలుగు గంటల తేడాతో మళ్ళీ చేయాలి, అలా మొత్తం మూడుసార్లు. మాత్రలు వేసుకుంటున్నాం కదా, మలేరియా అయ్యుండదు అని మీరూ అనుకోవద్దు, డాక్టరునీ అనుకోనివ్వొద్దు. ఏ మాత్రా నూటికి నూరు పాళ్ళు కాపాడదు. ఏ మాత్ర వాడారో కూడా చెప్పండి, ఎందుకంటే అదే మందుతో వైద్యం చేయకూడదు.

సుమ_ఇద్దరిఅమ్మ
ఉగాండాలో దిగిన రెండో రోజే జ్వరం వస్తే?

కిరణ్మయి_నర్స్
దోమ కుట్టాక కనీసం వారం పడుతుంది, కాబట్టి రెండో రోజు జ్వరం మలేరియా కాదు, వేరే ఏదైనా. చూపించడం మాత్రం చూపించండి.

సుమ_ఇద్దరిఅమ్మ
పద్మ గారూ, మోతాదు విషయం. రెండో డాక్టరు కాగితం మీద "వయసుకి తగ్గట్టు" అని మాత్రమే ఉంది, ఫోన్ చేస్తే దొరకట్లేదు. ఎన్ని కొనాలో కూడా తెలియట్లేదు.

పద్మ_ఫార్మసీ
వయసుని బట్టి కాదండీ, బరువుని బట్టి. పిల్లల మాత్ర వేరే ఉంటుంది, అందులో అటోవాక్వోన్ 62.5, ప్రోగ్వానిల్ 25 మిల్లీగ్రాములు. పెద్దల మాత్ర దానికి సరిగ్గా నాలుగింతలు, 250, 100. పిల్లల మాత్ర 11 నుంచి 20 కిలోల దాకా రోజుకి ఒకటి, 21 నుంచి 30 దాకా రెండు, 31 నుంచి 40 దాకా మూడు, ఆ పైన పెద్దల మాత్ర ఒకటి. అంటే బాబుకి ఒకటి, పాపకి రెండు, మీ ఇద్దరికీ పెద్దల మాత్ర ఒక్కోటి. పాప 22 అన్నారు, హద్దుకి దగ్గర. బూట్లూ స్వెటరూ తీసేసి మళ్ళీ తూచండి. 20 వచ్చిందంటే ఒకటే.

వెళ్ళే ముందు రోజు మొదలుపెట్టండి. ముందు ఒక రోజు, అక్కడ 14, వచ్చాక 7, మొత్తం 22 రోజులు. పాపకి 44, బాబుకి 22, మీకు తలా 22. వాంతి అయితే మళ్ళీ వేయడానికి పిల్లలకి కొన్ని అదనంగా కొనండి. అన్నీ ఇక్కడే కొనుక్కుని వెళ్ళండి, అక్కడ కొనుక్కుందాంలే అనుకోవద్దు, నకిలీ మలేరియా మందులు చాలా దేశాల్లో తిరుగుతున్నాయి. ఈ లెక్క పట్టుకుని డాక్టరు దగ్గరికి ఇంకోసారి వెళ్ళి సరిచూసుకుని రాయించుకోండి, నా మాట మీద కొనేయొద్దు.

నాగరాజు_అమ్మాపురం
పిల్లల మాత్ర మాకు దొరకలేదు. పెద్దల మాత్రనే నాలుగు ముక్కలు చేసి పెట్టుకున్నాం.

పద్మ_ఫార్మసీ
సగం చేయడం వరకు ఫరవాలేదు. పాపకి కావలసింది అంతే, పెద్దల మాత్రలో సగం. బాబుకి పావు కావాలి, చేత్తో విరిస్తే ఒక ముక్క పెద్దది ఒకటి చిన్నది అవుతుంది, పొడి రాలిపోతుంది. పిల్లల మాత్ర దొరక్కపోతే ఫార్మసిస్టు చేత ఒక్కో రోజుకి సరిపడా పొడి చేయించి క్యాప్సూల్స్‌లో నింపించుకోండి. వేసేటప్పుడు విప్పి కలిపేయొచ్చు.

హరిత_బి
దేంట్లో కలపాలి? మా పిల్ల చేదు తగిలితే మొహం మీద ఉమ్మేస్తుంది.

పద్మ_ఫార్మసీ
కొంచెం జామ్‌లో గానీ చిక్కటి తియ్యటి పాలలో గానీ. ఒక్క చెంచాలో పట్టేంతే కలపండి, గ్లాసు నిండా కలిపితే సగం మిగిల్చేస్తారు, ఎంత మందు లోపలికి పోయిందో మీకు తెలియదు. అప్పటికప్పుడు పొడి చేసి కలపాలి, పొద్దున కలిపి సాయంత్రానికి ఉంచొద్దు. భోజనంతో గానీ పాలతో గానీ వేయాలి, కొవ్వు ఉంటేనే అటోవాక్వోన్ ఒంటికి పడుతుంది. ఖాళీ కడుపున వేస్తే వేసినట్టే ఉంటుంది గానీ సరిపడా ఒంట్లోకి చేరదు, పైగా కడుపులో తిప్పుతుంది. రోజూ ఒకే సమయం పెట్టుకోండి.

గంటలోపు వాంతి చేసుకుంటే మళ్ళీ మొత్తం మోతాదు వేయండి. ఇంకొకటి, వాంతులు ఆగడానికి ఇచ్చే మెటోక్లోప్రమైడ్ రక్తంలో అటోవాక్వోన్‌ని తగ్గించేస్తుంది. అక్కడ ఎవరైనా డాక్టరు వాంతులకి మందు రాస్తే ఈ మాత్ర వాడుతున్నామని చెప్పండి.

వేణు.కె
ఇదంతా బాగుంది గానీ మలేరియాకి వ్యాక్సిన్ వచ్చిందన్నారు కదా, పిల్లలకి అది వేయిస్తే పోదా?

కిరణ్మయి_నర్స్
వచ్చింది, రెండు ఉన్నాయి. ఆర్‌టీఎస్,ఎస్‌ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో, ఆర్21ని 2023లో సిఫార్సు చేసింది. అవి అక్కడే నివసించే పిల్లలకి, నాలుగు డోసులు నెలల తేడాతో వేసేవి. రెండు వారాలు వెళ్ళొచ్చే వాళ్ళ కోసం కాదు.

రాజు_సఫారీ
అందరూ మాత్రల మీదే పడ్డారు. దోమ కుట్టకపోతే సగం గొడవ తప్పుతుంది. మలేరియా దోమ చీకటి పడే వేళ నుంచి తెల్లారేదాకా కుడుతుంది, అర్ధరాత్రి దాటాక ఎక్కువ. ఇంటి విషయంలో చుట్టాల ఇంట్లో దిగేవాళ్ళే ఎక్కువ ప్రమాదంలో ఉంటారని నా అభిప్రాయం. హోటల్లో ఏసీ, మూసిన కిటికీలు. చుట్టాల ఇంట్లో సాయంత్రం అందరూ వరండాలో కూర్చుని కబుర్లు, పిల్లలు చెప్పుల్లేకుండా బయట ఆటలు, తలుపులన్నీ బార్లా. సరిగ్గా దోమ వచ్చే వేళకి.

సుమ_ఇద్దరిఅమ్మ
అక్క వాళ్ళింట్లో అచ్చం అదే. రాత్రి భోజనాలు కూడా బయటే.

రాజు_సఫారీ
అయితే ఒక క్రమం పెట్టుకోండి. చీకటి పడకముందే పిల్లలకి స్నానం. ఆ తర్వాత పొడుగు చేతుల చొక్కా, ప్యాంటు, సాక్సులు. అప్పుడు దోమలు దగ్గరికి రాకుండా ఒంటికి రాసే రిపెల్లెంట్. చాలామంది రిపెల్లెంట్ రాసి ఆడించి ఆ తర్వాత స్నానం చేయించి అలాగే వదిలేస్తారు, రాసింది నీళ్ళలో పోయింది. చీలమండలు మర్చిపోవద్దు, కింద కూర్చుంటే దోమలకి అవే ముందు అందుతాయి. మళ్ళీ దోమతెరలోకి దూరాక బయటికి రానివ్వొద్దు.

హరిత_బి
మూడేళ్ళ పిల్లాడికి డీట్ ఉన్న రిపెల్లెంట్ రాయడమా? అది విషం అని చదివాను. నేనైతే నీలగిరి తైలం రాస్తా, సహజమైనది.

కిరణ్మయి_నర్స్
హరిత గారూ, డీట్ చాలా దశాబ్దాలుగా వాడుకలో ఉంది. రెండు నెలలు దాటిన పిల్లలకి 30 శాతం దాకా ఉన్నది సరిగ్గా వాడితే ఫరవాలేదని అమెరికా పిల్లల వైద్యుల సంఘం చెబుతుంది. శాతం పెరిగితే బలంగా పనిచేస్తుందని కాదు, ఎక్కువసేపు పనిచేస్తుందని. 10 శాతం ఉన్నది రెండు గంటలకే తేలిపోతుంది, సాయంత్రం మొత్తానికి 20 నుంచి 30 మధ్య ఉన్నది తీసుకోండి. డీట్ ఇష్టం లేకపోతే 20 శాతం పికారిడిన్ ఉంది, వాసన ఉండదు, ప్లాస్టిక్‌ని కరిగించదు.

సీసాలో కొనే నీలగిరి తైలం వేరు, లెమన్ యూకలిప్టస్ నుంచి తీసి శుద్ధి చేసిన రిపెల్లెంట్ వేరు. మొదటిది కొద్దిసేపట్లో ఆవిరైపోతుంది. రెండోది పనిచేస్తుంది గానీ మూడేళ్ళలోపు వాళ్ళకి వాడరు.

మీ అరచేతిలో వేసుకుని పిల్లాడి మొహానికి మీరు రాయండి, స్ప్రే మొహం మీద కొట్టొద్దు. వాడి అరచేతులకి రాయొద్దు, నోట్లో పెట్టుకుంటాడు. పగలు ఎండకి సన్‌స్క్రీన్ కూడా వాడితే ముందు అది, ఆరాక దాని మీద రిపెల్లెంట్. రెండూ కలిపి ఒకే సీసాలో వచ్చేవి కొనొద్దు, సన్‌స్క్రీన్ మాటిమాటికీ రాయాలి, రిపెల్లెంట్ అలా రాయకూడదు.

హరిత_బి
నాకు ఇంకా మనసొప్పట్లేదు. పికారిడిన్ చూస్తా.

నాగరాజు_అమ్మాపురం
చెవికి వినపడని శబ్దం చేసే యంత్రాలు కొన్నాం, ఫోన్ యాప్ కూడా వేశాం. దోమలు వాటి మీదే వాలాయి.

రాజు_సఫారీ
అవి ఏవీ పనిచేయవు. వెల్లుల్లి తినడం, విటమిన్ బి మాత్రలు కూడా అంతే.

తెర విషయం. పార్కులో లాడ్జి తెర ఇస్తుంది గానీ టార్చి వేసి చిరుగులు చూసుకోండి. మందు పట్టించిన తెర, అంటే పర్మెత్రిన్ లాంటివి ఉన్నది మీరే తీసుకెళ్తే ఇంకా మంచిది, చిన్న చిరుగు ఉన్నా దోమ ఆ గుడ్డ మీద వాలి చస్తుంది. మామూలు తెరకి పిల్లాడి చెయ్యి ఆనితే బయటి నుంచే కుడుతుంది. అంచులు పరుపు కిందికి దోపాలి, నేల మీద వేలాడనిస్తే కింద నుంచి దూరుతుంది. మూడేళ్ళవాడు రాత్రి దొర్లుతాడు కాబట్టి వాడిని గోడ వైపు కాకుండా మీ ఇద్దరి మధ్యా పడుకోబెట్టండి. సాయంత్రమే తెర దించేయండి, పగలంతా తెరిచి రాత్రి దించితే లోపల ముందే కూర్చున్న దోమతో కలిపి పడుకున్నట్టు.

లలిత_పి
పర్మెత్రిన్ బట్టలకి కూడా కొడతారు కదా?

రాజు_సఫారీ
అవును, బట్టలకీ తెరకీ. చర్మానికి రాసేది కాదు. కొట్టి పూర్తిగా ఆరాకే వేసుకోవాలి, కొన్ని ఉతుకుల దాకా ఉంటుంది.

వేణు.కె
ఇంత తెలిశాక నా మాట ఒకటే. మూడేళ్ళవాడిని ఇప్పుడు తీసుకెళ్ళకపోతే ఏం పోతుంది? అక్క వాళ్ళే ఇటు రావచ్చు.

కిరణ్మయి_నర్స్
వాయిదా వేయగలిగితే వేయమనే నేనూ అంటాను, చిన్నపిల్లలకి ప్రమాదం ఎక్కువ కాబట్టి. వేయలేకపోతే ఇవన్నీ చేసి వెళ్ళొచ్చు.

రాజు_సఫారీ
నేను ఒప్పుకోను. మాత్రలు ఒక్క రోజు తప్పకుండా వేసే అమ్మానాన్నలైతే వెళ్ళొచ్చు. తప్పే వాళ్ళైతే ఏ వయసు పిల్లల్నీ తీసుకెళ్ళకూడదు.

సుమ_ఇద్దరిఅమ్మ
టికెట్లు అయిపోయాయి, మా అమ్మ కూడా అక్కడికే వస్తోంది, మానలేం. ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చాం, మావారి డిప్రెషన్ సంగతి చెప్పాం, అటోవాక్వోన్-ప్రోగ్వానిలే రాశారు. పాప మళ్ళీ తూచితే 21.6. రెండు మాత్రలే అన్నారు. బాబుకి ఒట్టి జామ్ చెంచాతో అలవాటు చేస్తున్నా. బావగారితో భోజనాలు లోపల పెట్టుకుందామని చెప్పాను, అక్క సరేనంది, ఆయన ఇంకా నవ్వుతున్నారు.

ఒకటే సందేహం. వచ్చేటప్పుడు అడిస్ అబాబాలో ఒక రాత్రి ఆగుతాం. ఆ ఏడు రోజులు ఉగాండా వదిలిన దగ్గర నుంచి లెక్కపెట్టాలా, ఇంటికి చేరాకా?

పద్మ_ఫార్మసీ
మలేరియా ఉన్న చోటు వదిలిన దగ్గర నుంచి. అడిస్ అబాబా బాగా ఎత్తు మీద ఉంది, ఆ నగరంలో మలేరియా లేదు, కాబట్టి ఉగాండా వదిలిన మర్నాడు ఒకటో రోజు. ఇథియోపియాలో వేరే ఊరికి దిగితే మాత్రం లెక్క మారుతుంది, ప్రయాణం మారితే మళ్ళీ అడగండి. మాత్రల డబ్బా విమానంలో చేతిసంచిలో పెట్టండి, పెద్ద సూట్‌కేసులో వద్దు. తియ్యటి చెంచాతో వస్తుందని బాబుకి తెలిసిపోతుంది కదా, వాడికి అందకుండా ఎత్తులో పెట్టండి.